అమ్మా, లోపల ఆ చప్పుడేంటి?

“ఏం కాదు బుజ్జీ, ఫొటో తీస్తారంతే. రెండు నిమిషాల్లో అయిపోతుంది.”

స్కానింగు సెంటరు బయట కుర్చీల్లో కూర్చున్న అమ్మానాన్నలు పిల్లలకు చెప్పే మాట దాదాపు ఇదే. ప్రేమతో చెప్పేదే. కానీ లోపలికి వెళ్లాక పిల్లకు ఎదురయ్యేది వేరు. తలను ఒక ప్లాస్టిక్ చట్రంలో పెడతారు. బల్ల దానంతటదే కదిలి గొట్టంలోకి వెళ్తుంది. ఉన్నట్టుండి చెవులు మూసుకోవాలనిపించేంత చప్పుడు మొదలవుతుంది. రెండు నిమిషాలు కాస్తా అరగంటకు చేరుతుంది. అమ్మ చెప్పిన రెండు మాటలూ తప్పాయని తేలిపోయాక, ఆమె చెప్పే మూడో మాట “కదలకు” అన్నదాన్ని పిల్ల ఎందుకు వింటుంది?

ఎమ్మారై విషయంలో పిల్లల భయాన్ని పట్టించుకోవాల్సింది జాలితో మాత్రమే కాదు. భయపడ్డ పిల్ల కదులుతుంది. కదిలితే చిత్రం చెడిపోతుంది. చెడిపోయిన చిత్రంలో చిన్న మచ్చ ఉన్నా డాక్టరుకు కనిపించకపోవచ్చు. అప్పుడు మిగిలేది మత్తిచ్చి మళ్లీ తీయడమే. పిల్లకు అర్థమయ్యేలా నాలుగు నిజాలు ముందే చెప్పగలిగితే, చాలామంది ఆరేడేళ్ల పిల్లలు మత్తు లేకుండానే పరీక్ష పూర్తి చేయగలరు.

ఒక ఏడేళ్ల పాపను ఊహించుకుందాం. నెల వ్యవధిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. పిల్లల డాక్టరు ముందు ఈఈజీ తీయించి, తర్వాత మెదడుకు ఎమ్మారై రాశారు. ఎల్లుండి పొద్దున అపాయింట్‌మెంటు. ఇంట్లో పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. పాప అన్నీ వింటోంది.

పిల్లల ప్రశ్నలు నాలుగే

ఈ వయసు పిల్లల మనసులో తిరిగేవి సాధారణంగా నాలుగు ప్రశ్నలు. నొప్పి పెడుతుందా? అమ్మ నా దగ్గరే ఉంటుందా? ఎప్పుడు అయిపోతుంది? ఈ మూడూ పైకి అడుగుతారు. నాలుగోది చాలామంది అడగరు: నన్నెందుకు తీసుకెళ్తున్నారు, నేనేం తప్పు చేశాను?

“అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా” అని మనమే ఎన్నోసార్లు అని ఉంటాం. అలా పెరిగిన పిల్లకు ఆసుపత్రి అంటే శిక్ష. అందుకే మొదట సమాధానం చెప్పాల్సింది అడగని ఆ ప్రశ్నకే.

ఎప్పుడు చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. ఏడేళ్ల పిల్లకు ఒకటి రెండు రోజుల ముందు చెబితే సరిపోతుంది. ఆలోచించుకోడానికి, అడగడానికి వ్యవధి దొరుకుతుంది. నాలుగేళ్ల పిల్లకు వారం ముందు చెబితే ఆ వారమంతా భయమే. ముందు రోజు సాయంత్రమో, ఆ పొద్దునో చెప్పడం మేలు. రాత్రి నిద్రపుచ్చేటప్పుడు మాత్రం మొదలుపెట్టకూడదు. అన్నం తినిపిస్తూనో, జడ వేస్తూనో చెప్పొచ్చు.

“బుజ్జీ, మొన్న నీకు చేయి, కాలు వణికాయి గుర్తుందా? అది నువ్వు చేసింది కాదు. నీ తప్పేం లేదు. అలా ఎందుకైందో తెలుసుకోవాలంటే డాక్టరుగారు నీ తల లోపల చూడాలి. తల తెరవకుండా, కొయ్యకుండా, బయటి నుంచే చూసే మిషన్ ఒకటుంది. ఎల్లుండి అక్కడికెళ్దాం.”

“నొప్పి పెడుతుందా?”

“మిషన్ నిన్ను ముట్టుకోదు. దాని వల్ల నొప్పి ఉండదు. కానీ చేతికి ఒక చిన్న సూది పెట్టొచ్చు. అది చీమ కుట్టినంతసేపు చురుక్కుమంటుంది. పెట్టే ముందు నీకు చెబుతారు.”

ఈ చివరి మాట దాచిపెట్టాలనిపిస్తుంది. దాచకూడదు. ఫిట్స్ వచ్చిన పిల్లలకు మెదడు చిత్రం తీసేటప్పుడు కొన్నిసార్లు గాడోలినియం అనే మందును చేతి నరంలోకి ఎక్కించి మరికొన్ని చిత్రాలు తీస్తారు. మన దేశంలో పిల్లల్లో ఫిట్స్‌కు తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి న్యూరోసిస్టిసెర్కోసిస్. అంటే బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే చిన్న గడ్డ. క్షయ వల్ల వచ్చే గడ్డ మరొకటి. ఈ మందు ఎక్కించినప్పుడు అలాంటి గడ్డ చుట్టూ ఉంగరంలా ఒక తెల్లటి అంచు మెరుస్తుంది; దాన్ని చూసి డాక్టర్లు గుర్తుపడతారు. ఈ పేర్లేవీ పిల్లకు చెప్పనక్కర్లేదు. సూది సంగతి మాత్రం చెప్పాలి. అది ఉంటుందో ఉండదో ముందు రోజే సెంటరుకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

ఒంట్లో బొంగరాలు

“మరి తెరవకుండా లోపల ఎలా కనబడుతుంది?” ఏడేళ్ల పిల్ల ఈ ప్రశ్న తప్పకుండా వేస్తుంది. జవాబు చెప్పాలంటే ముందు పెద్దవాళ్లకు తెలియాలి.

ఎమ్మారై మిషన్ అసలు ఒక పెద్ద అయస్కాంతం. మన ఊళ్లలో ఉండేవి చాలావరకు 1.5 టెస్లా, కొన్ని 3 టెస్లా శక్తివి. భూమికి కూడా అయస్కాంత శక్తి ఉంది కదా, దిక్సూచి ముల్లును తిప్పేది అదే. 1.5 టెస్లా అంటే దానికి ముప్ఫై వేల రెట్లకు పైనే. మామూలు తీగచుట్టలో అంత శక్తి కోసం కరెంటు పంపితే తీగ వేడెక్కి కాలిపోతుంది. అందుకని ప్రత్యేకమైన లోహపు తీగచుట్టను ద్రవ హీలియంలో ముంచి సున్నా కన్నా 269 డిగ్రీలు తక్కువ చలిలో ఉంచుతారు. ఆ చలిలో తీగ కరెంటును ఏమాత్రం అడ్డుకోదు. ఒకసారి ఎక్కించిన కరెంటు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ అయస్కాంతం రాత్రి సెంటరు మూసేశాక కూడా పనిచేస్తూనే ఉంటుంది.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటి ప్రతి అణువులోనూ హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ నడిమి భాగం ఒక బొంగరం లాంటిది. ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, దానికీ కాస్త అయస్కాంత గుణం ఉంటుంది. మామూలుగా ఈ బొంగరాలు తలా ఒక దిక్కుకు వాలి ఉంటాయి. పెద్ద అయస్కాంతంలోకి వెళ్లగానే వాటిలో కొద్ది పాటి ఎక్కువ భాగం ఒకే దిక్కుకు మొగ్గుతాయి. లక్షల్లో కొన్నే, కానీ ఒంట్లో ఉన్న బొంగరాల సంఖ్య అంతులేనిది కాబట్టి ఆ కొన్నే చాలు.

అప్పుడు మిషన్ రేడియో తరంగాన్ని పంపుతుంది. 1.5 టెస్లా మిషన్లో ఇది దాదాపు 64 మెగాహెర్ట్జ్. మన ఎఫ్ఎం రేడియో 88 దగ్గర మొదలవుతుంది, దానికి కాస్త కింద ఉంటుందన్నమాట. ఆ తరంగం తగిలి బొంగరాలు పక్కకు ఒరుగుతాయి. తరంగం ఆపగానే మళ్లీ నిటారుగా లేస్తాయి. లేచేటప్పుడు అవి కూడా చిన్న రేడియో సందేశం పంపుతాయి. తల చుట్టూ పెట్టిన చట్రం ఆ సందేశాన్ని వింటుంది. మెదడు చుట్టూ ఉండే నీటిలోని బొంగరాలు నెమ్మదిగా లేస్తాయి, మెదడు లోపలివి త్వరగా లేస్తాయి, వాపు ఉన్న చోట ఇంకోలా లేస్తాయి. ఈ తేడాలనే కంప్యూటరు నలుపు తెలుపుల్లో బొమ్మగా గీస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు.

పాపకు ఇందులో కావాల్సింది చాలా తక్కువ.

“నీ ఒంట్లో ఎక్కువగా నీళ్లే ఉంటాయి తెలుసా? ఆ నీళ్లల్లో కంటికి కనబడనంత చిన్న బొంగరాలు తిరుగుతుంటాయి. మిషన్ వాటికి ‘కాస్త ఒరగండి’ అని రేడియోలో చెబుతుంది. అవి ఒరిగి, మళ్లీ లేచి ‘మేమిక్కడున్నాం’ అంటాయి. మిషన్ ఆ మాటలన్నీ విని కంప్యూటరులో బొమ్మ వేస్తుంది.”

“అవి ఒరిగితే నాకు తెలుస్తుందా?”

“తెలీదు. అస్సలు తెలీదు.”

“నేను మనసులో అనుకునేవి కూడా ఆ బొమ్మలో కనబడతాయా?”

ఈ ప్రశ్న పిల్లలు నిజంగానే అడుగుతారు. తల లోపల చూస్తారంటే, తమ్ముణ్ని గిల్లిన సంగతి కూడా బయటపడుతుందేమోనని బెంగ. కనబడవని గట్టిగా చెప్పాలి. మెదడు ఆకారం, అందులో ఎక్కడైనా మచ్చో వాపో ఉందా అన్నదే ఈ పరీక్షలో తెలుస్తుంది. ఇంకో సంగతి పెద్దవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి: ఫిట్స్ వచ్చిన చాలామంది పిల్లల్లో ఎమ్మారై మామూలుగానే ఉంటుంది. మెదడులో కరెంటు సంకేతాల తేడాను చూపేది ఈఈజీ. అందుకే డాక్టరు రెండూ రాస్తారు.

కాస్త పెద్ద పిల్లలకు ఇంకో నిజం కూడా నచ్చుతుంది. ఈ విద్యకు దారి చూపినవాళ్లలో ఒకరైన ఇంగ్లండు శాస్త్రవేత్త పీటర్ మాన్స్‌ఫీల్డ్, 1978లో మనిషి మొత్తం పట్టే తమ మిషన్ సిద్ధమయ్యాక ముందు తానే అందులోకి వెళ్లారు. ప్రమాదం కావచ్చని హెచ్చరించినవాళ్లున్నా వెళ్లి, క్షేమంగా బయటికొచ్చారు. 2003లో అమెరికాకు చెందిన పాల్ లాటర్‌బర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. “దాన్ని చేసినాయనే ముందు లోపల పడుకున్నాడట” అంటే పిల్ల కళ్లు పెద్దవవుతాయి.

టకటక, బర్ర్‌ర్, నిశ్శబ్దం

ఎమ్మారైలో పిల్లల్ని ఎక్కువగా బెదరగొట్టేది చప్పుడే. అదెందుకొస్తుందో తెలిస్తే భయం సగానికి తగ్గుతుంది.

పెద్ద అయస్కాంతం లోపల మరో మూడు జతల తీగచుట్టలు ఉంటాయి. బొంగరాల సందేశం తల్లో ఏ మూల నుంచి వచ్చిందో తెలుసుకోడానికి అవి కావాలి. అవి అయస్కాంత శక్తిని ఒక పక్క కాస్త ఎక్కువ, ఇంకో పక్క కాస్త తక్కువ చేస్తాయి. దాంతో ఒక్కో చోటి బొంగరం ఒక్కో వేగంతో తిరుగుతుంది. ఆ తేడాను బట్టి చోటు తెలుస్తుంది. ఇందుకోసం ఆ చుట్టల్లోకి వందల ఆంపియర్ల కరెంటును క్షణంలో ఎన్నోసార్లు పంపి ఆపుతారు. అయస్కాంతం దగ్గర తీగలో కరెంటు పారితే ఆ తీగను ఒక బలం నెడుతుంది. పండగ పందిట్లో లౌడుస్పీకరు మోగేది కూడా ఈ సూత్రం మీదే. కరెంటు పంపినప్పుడల్లా చుట్ట ఉన్న చట్రం అదురుతుంది. ఆ అదురే మనం వినే చప్పుడు. లోపల ఏ వస్తువూ తిరగదు, ఏదీ వచ్చి పిల్లకు తగలదు.

ఈ చప్పుడు కొన్నిసార్లు వంద డెసిబెల్స్ దాటుతుంది. అందుకే చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టి, పైన హెడ్‌ఫోన్లు కూడా తగిలిస్తారు. పిల్లలకు ఇవి పెట్టారో లేదో అమ్మానాన్నలు తప్పకుండా చూడాలి. తోడుగా లోపల ఉండే పెద్దవాళ్లూ పెట్టుకోవాలి.

మెదడు పరీక్షలో ఆరేడు రకాల చిత్రాలు తీస్తారు. ఒక్కో రకానికి ఒక్కో దరువు. మొదట కొన్ని క్షణాలు చిన్న టిక్‌టిక్. తర్వాత నాలుగైదు నిమిషాలు ఆగకుండా టకటక. మరోసారి డుబ్‌డుబ్. డిఫ్యూజన్ అనే రకంలో బర్ర్‌ర్‌మని గట్టిగా మోగి, పడుకున్న బల్ల కూడా కాస్త అదురుతుంది. సాధారణంగా పిల్లలు ఉలిక్కిపడేది ఇక్కడే. “ఒకసారి బల్ల గజగజమంటుంది, అది మామూలే” అని ముందే చెబితే ఉలికిపాటు పోతుంది.

వీటి మధ్య నిశ్శబ్దం వస్తుంది. అప్పుడు చిక్... చిక్... అని ఒక సన్నటి చప్పుడే వినబడుతుంది. హీలియంను చల్లగా ఉంచే పంపు అది, పిల్ల ఉన్నా లేకున్నా ఆడుతూనే ఉంటుంది. అనుభవమున్న టెక్నీషియన్లకు తెలిసిన సంగతేమిటంటే, చాలామంది పిల్లలు కదిలేది చప్పుడులో కాదు, ఈ నిశ్శబ్దంలో. అయిపోయిందనుకుని తల తిప్పుతారు. తల జరిగితే తర్వాతి చిత్రాలు ముందువాటితో కలవవు. కాబట్టి ఇంటి దగ్గరే ఇలా చెప్పాలి:

“చప్పుడు ఆగితే అయిపోయినట్టు కాదు నాన్నా. మిషన్ తర్వాతి పాటకు సిద్ధమవుతోందని. మైకులో అక్క నీ పేరు పెట్టి ‘అయిపోయింది’ అనేదాకా తల కదపొద్దు. సరేనా?”

ఒక్క దగ్గు ఏం చేస్తుంది?

సెల్‌ఫోన్ ఫొటోలో చేయి కదిలితే చేయి ఒక్కటే మసకబారుతుంది. ఎమ్మారైలో అలా కాదు. బొంగరాల నుంచి వచ్చే ఒక్కో సందేశంలోనూ తల మొత్తానికి సంబంధించిన సమాచారం కొంత కొంత కలిసి ఉంటుంది. అలాంటి సందేశాలు వందలు పోగయ్యాకే బొమ్మ తయారవుతుంది. మూడో నిమిషంలో పిల్ల దగ్గిందంటే, ఆ క్షణపు తప్పు బొమ్మ అంతటా పరుచుకుంటుంది. తెర మీద నుదుటి గీత నీడల్లా మళ్లీ మళ్లీ కనబడుతుంది. అది చూసి టెక్నీషియన్ ఆ నాలుగు నిమిషాల చిత్రం మళ్లీ తీస్తారు.

పిల్లకు చెప్పేటప్పుడు “కదలకు” అన్న ఒక్క మాట చాలదు. ఏం చేయొచ్చో కూడా చెప్పాలి. ఊపిరి మామూలుగా తీసుకోవచ్చు, పొట్ట పైకీ కిందికీ ఆడినా పర్లేదు. రెప్పలు ఆర్పొచ్చు, కళ్లు మూసుకోవచ్చు. ముక్కు దురద పెడితే చప్పుడు ఆగేదాకా ఓర్చుకోవాలి. ఆగాక అక్కకు చెబితే సరిచేస్తుంది.

దీన్ని ఇంట్లో సాధన చేయించొచ్చు. చాప మీద పడుకోబెట్టి, తలకు రెండు పక్కలా దిండ్లు పెట్టి, ఫోన్‌లో ఎమ్మారై చప్పుళ్లు సన్నగా వినిపించాలి. యూట్యూబులో అవి దొరుకుతాయి. మొదట ఒక నిమిషం, తర్వాత మూడు, తర్వాత అయిదు. బడిలో ఆడుకునే స్టాట్యూ ఆటే, పడుకుని ఆడటం. అమ్మ చూడాల్సింది ముక్కు కొనను. అది కదలకుండా అయిదు నిమిషాలు నిలిస్తే, మిషన్లో కూడా నిలుస్తుందని ఆశించొచ్చు. ఒక్క నిమిషం కూడా నిలవకపోతే ఆ సంగతి ముందే డాక్టరుతో చెప్పడం మంచిది.

గుమ్మం దగ్గర పిన్నీసులు

“అమ్మా, నువ్వుంటావా లోపల?” అన్న ప్రశ్నకు చాలా సెంటర్లలో జవాబు అవుననే. కానీ అమ్మ కూడా గుమ్మం దగ్గర తనిఖీ దాటాలి.

ఆ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని చెప్పుకున్నాం. ఇనుము, ఉక్కు వస్తువు ఏదైనా దాని దగ్గరికి వెళ్తే చేతిలోంచి లాక్కుపోతుంది. 2018లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో లోపలికి వెళ్లిన వ్యక్తి ప్రాణాలే పోయాయి. ఇంటి నుంచి వచ్చేవాళ్ల దగ్గర సిలిండర్లుండవు. కానీ అమ్మ మంగళసూత్రానికో, గాజులకో తగిలించుకున్న పిన్నీసులు ఉంటాయి. చీర కుచ్చెళ్ల దగ్గర ఒకటి, పవిట దగ్గర ఒకటి. నాన్న జేబులో తాళాలు, ఫోన్, ఏటీఎం కార్డు. పాప తల్లో స్లైడులు, జడకు లోహపు బిళ్ల ఉన్న రబ్బరు బ్యాండు. చిన్న పిల్లలకైతే మొలతాడు, దానికో తాయెత్తు.

వెండి పట్టీలు, బంగారు కమ్మలు అయస్కాంతానికి అంటుకోవు. అయినా తీసేయమంటారు. రేడియో తరంగాలకు లోహం వేడెక్కే వీలుంది, దగ్గర్లోని చిత్రమూ చెడిపోతుంది. జరీ అంచు పరికిణీ కూడా వద్దు, నూలు బట్టలు మేలు. తాయెత్తు తీయడానికి నాయనమ్మ ఒప్పుకోకపోవచ్చు. ఇంటి దగ్గరే మాట్లాడి, దేవుడి గూట్లో పెట్టి బయల్దేరితే గుమ్మం దగ్గర గొడవ ఉండదు.

కొన్ని సంగతులు మాత్రం వాళ్లు అడగకపోయినా మనమే చెప్పాలి. చెవి లోపల అమర్చిన వినికిడి పరికరం, తల్లో నీటికి వేసిన షంట్, గుండెకు వేసిన పరికరం, ఎప్పుడైనా మింగిన నాణెమో, బొత్తాం బ్యాటరీనో. పళ్లకు తీగ వేసి ఉంటే సాధారణంగా ప్రమాదం లేకపోయినా ముఖం దగ్గరి చిత్రాలు వంకరపోతాయి.

“ఆ మిషన్‌కు ఇనుమంటే చాలా ఇష్టం. అందుకే నా పిన్నీసులు, నీ స్లైడులు బయటే పెట్టేద్దాం. నువ్వే ఏరి పెట్టు చూద్దాం” అంటే పాపకు ఒక పని దొరుకుతుంది.

ఆ పొద్దున

పాప బరువు చూస్తారు, కాగితాలు నింపుతారు. చేతికి మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ఉన్న సూది పెట్టి, సూది తీసేసి గొట్టం మాత్రం ఉంచుతారు. “ఇప్పుడు చేతిలో సూది లేదు, మెత్తటి గొట్టమే ఉంది” అన్న మాట చాలామంది పిల్లలకు తెలియదు. చెబితే చేయి బిగపట్టుకోవడం మానేస్తారు.

గది చల్లగా ఉంటుంది. దుప్పటి కప్పుతారు. చెవులకు బిరడాలు, హెడ్‌ఫోన్లు పెట్టి, ముఖం మీదికి చట్రం దించుతారు. దానికి కళ్ల దగ్గర ఖాళీ ఉంటుంది, కొన్నింటికి చిన్న అద్దం కూడా ఉంటుంది. పడుకునే ఆ అద్దంలో కాళ్ల వైపు ఉన్న అమ్మ కనబడుతుంది. చేతిలో ఒక రబ్బరు బంతి పెడతారు. నొక్కితే బయటి గదిలో గంట మోగుతుంది.

“ఈ బంతి నీది తల్లీ. నీకు భయమేసినా, ఏదైనా కావాలన్నా నొక్కు. నేను వెంటనే వస్తా. ఒకసారి నొక్కి చూపించు,” అంటుంది టెక్నీషియన్ అక్క. పాప నొక్కుతుంది, గంట మోగుతుంది. పరీక్షను తాను ఆపగలనని తెలిసిన పిల్ల, ఆపాల్సిన అవసరం లేకుండానే గడిపేయడం ఎక్కువ.

గొట్టం వెడల్పు 60 లేదా 70 సెంటీమీటర్లు. రెండు వైపులా తెరిచే ఉంటుంది, లోపల లైటు, గాలి ఉంటాయి. మెదడు పరీక్షకు తల గొట్టం మధ్యకు రావాలి. ఏడేళ్ల పిల్ల పొడవుకు పాదాలు బయటే ఉంటాయి. అమ్మ కాళ్ల దగ్గర కుర్చీలో కూర్చుని పాదం మీద చెయ్యేసి ఉంచొచ్చు. నిమరకూడదు, ఊపకూడదు, పాదం కదిలితే తలా కదులుతుంది.

మన పాప మొదటి మూడు చిత్రాలు చక్కగా ఇచ్చింది. నాలుగోదాంట్లో బల్ల అదిరినప్పుడు ఒక్కసారి ఉలిక్కిపడి తల తిప్పింది. బయట తెర మీద నీడలు కనబడ్డాయి. టెక్నీషియన్ కోప్పడలేదు. మైకులో, “గజగజమన్నది వచ్చిపోయింది కదా? అదే ఇంకొక్కసారి వస్తుంది, నిమిషంన్నర. తర్వాత రెండే మిగిలాయి,” అంది. “ఇంకా ఎంతసేపు” అన్నదానికి పిల్లలకు నిమిషాల కన్నా ఇలా లెక్క చెప్పడమే అందుతుంది. రెండోసారి తల కదల్లేదు. చివర్లో బల్ల కాస్త బయటికి తీసి చేతి గొట్టంలోంచి మందు ఎక్కించారు. చెయ్యి చల్లగా అనిపిస్తుందని ముందే చెప్పారు కాబట్టి పాప చూస్తూ ఊరుకుంది. మొత్తం ముప్ఫై అయిదు నిమిషాలు.

మాటలు చాలనప్పుడు

అందరు పిల్లలకూ ఇలా కుదరదు. అయిదేళ్ల లోపు పిల్లల్లో చాలామంది అరగంట కదలకుండా ఉండలేరు. ఆటిజం వంటి ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆ చప్పుడు భరించలేనిది కావచ్చు. నెలల పసిపాపలకు కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో చుట్టి, నిద్రలోనే తీసేయడం ఒక్కోసారి కుదురుతుంది. మిగతావాళ్లకు మత్తు అవసరమవుతుంది. కొన్నిచోట్ల నిద్రపుచ్చే సిరప్ తాగిస్తారు, కొన్నిచోట్ల మత్తు డాక్టరు నరంలోకి మందు ఇచ్చి, పరీక్ష పూర్తయ్యేదాకా ఊపిరి, గుండె, ఆక్సిజన్ గమనిస్తూ ఉంటారు. ఇది పిల్ల ఓటమి కాదు, తల్లిదండ్రుల లోపమూ కాదు.

మత్తు ఉంటే పరగడుపు నియమం ఉంటుంది. సాధారణంగా అన్నం, పాలు ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి చెప్పిన గడువే పాటించాలి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పిల్ల ఏడుస్తోందని అమ్మమ్మ చాటుగా ఒక బిస్కెట్టు పెడితే, ఆ సంగతి దాచకుండా చెప్పేయాలి. పరీక్ష వాయిదా పడితే పడుతుంది.

ఇక్కడ కూడా నిజమే చెప్పాలి. “పళ్లరసం” అని చెప్పి సిరప్ తాగించకూడదు. “ఇది నిద్ర మందు. నువ్వు నిద్రపోతావు, లేచేసరికి అయిపోతుంది. లేచినప్పుడు నేను పక్కనే ఉంటా” అనాలి. ఆ చివరి మాట ఇచ్చాక, మెలకువ వచ్చే సమయానికి మందుల షాపులో నిలబడకూడదు.

బొమ్మ వచ్చాక

పరీక్ష అయ్యాక టెక్నీషియన్ అనుమతిస్తే పాపకు తన మెదడు బొమ్మ ఒకటి చూపించొచ్చు. పిల్లలకది చాలా నచ్చుతుంది. కానీ “ఏముందో చెప్పండి” అని అక్కడే గుచ్చిగుచ్చి అడగడం మంచిది కాదు. రేడియాలజిస్టు వందల చిత్రాలు నిదానంగా చూసి రిపోర్టు రాస్తారు. టెక్నీషియన్ ముఖం చూసి పెద్దవాళ్లు కంగారుపడితే, పెద్దవాళ్ల ముఖం చూసి పిల్ల కంగారుపడుతుంది.

రిపోర్టులో చిన్న గడ్డ ఉందని వస్తే, “నీ తల్లో చిన్న మచ్చ కనబడింది. దానికి మందులున్నాయి. రోజూ వేసుకోవాలి” అని పిల్లకూ చెప్పాలి. మందు మానేస్తే మళ్లీ ఫిట్స్ రావొచ్చు కాబట్టి ఈ నిజం ఆమెకు తెలియడం అవసరం. ఏమీ లేదని వస్తే, “మెదడు ఆకారం బాగుంది, అయినా మందులు వేసుకోవాలని డాక్టరుగారు చెప్పారు” అనాలి. “నీకేం లేదు” అంటే, మరి ఈ మాత్రలెందుకని రేపు అడుగుతుంది.

అలాంటి గడ్డ ఉన్న పిల్లలకు మందులు వాడాక, అది కరిగిందో లేదో చూడటానికి కొన్ని నెలలకు మళ్లీ స్కానింగు రాస్తారు. కొందరికి మూడోసారి కూడా కావాల్సి వస్తుంది. మొదటిసారి మోసపోయానని అనుకున్న పిల్ల రెండోసారి గుమ్మం దగ్గరే మొండికేస్తుంది. చెప్పింది చెప్పినట్టే జరిగిన పిల్ల మాత్రం ఈసారి ఎన్ని పాటలు, సూది ఉందా లేదా అని అడిగి, స్లైడులు తానే తీసి ఇస్తుంది.